ఒకే కారు, రెండు అద్దాలు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రహదారి మీద కారు నడిపేవాళ్లకు ఆ చప్పుడు బాగా తెలుసు. ముందు వెళ్తున్న టిప్పరు జంట టైర్ల సందున ఇరుక్కున్న కంకర రాయి ఊడిపడుతుంది. అది గాల్లోకి లేచి, ఎదురుగా వస్తున్న కారు ముందద్దానికి 'టప్'మని తగులుతుంది. నడిపేవాడు ఉలిక్కిపడి చూస్తే అద్దం మీద మినపగింజంత తెల్లటి చుక్క. అంతే. చేత్తో రాసి చూసి, పోనీలే అనుకుని ముందుకు సాగుతాడు. నాలుగో రోజు ఉదయం ఆ చుక్క నుంచి వెంట్రుకంత సన్నటి గీత ఒకటి మొదలై ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో ఆగిన కారెక్కి ఏసీ గట్టిగా పెట్టాక అది జానెడవుతుంది. వారం తిరిగేసరికి అద్దం ఈ చివర నుంచి ఆ చివరికి పాకుతుంది. అయినా అద్దం ఊడదు, రాలదు. గీతతోనే ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లూ ఉన్నారు.

అదే కారు మరో రోజు ఇంటి దగ్గర ఆగి ఉందనుకుందాం. అపార్ట్‌మెంటు తోటలో మిషనుతో గడ్డి కోస్తున్నారు. తీగ తిరుగుతూ తిరుగుతూ గడ్డిలోని చిన్న గులకరాయిని విసిరికొట్టింది. అది వెనక తలుపు అద్దానికి తగిలింది. ఈసారి చుక్క లేదు, గీత లేదు. 'ఠప్'మన్న చప్పుడుతో అద్దమంతా ఒక్కసారి తెల్లబడి, క్షణం నిలబడి, పటికబెల్లం పలుకుల్లా సీటు మీదా నేల మీదా జలజలా రాలింది. కారు దగ్గర అప్పటికి ఎవరూ లేకపోతే, ఎవరో కావాలనే పగలగొట్టారని యజమాని అనుమానపడతాడు. ఆ గులకరాయి అక్కడే ముక్కల మధ్య ఉన్నా ఎవరికీ కనబడదు.

ముందుది వారం తీసుకుంది. రెండోది రెప్పపాటు కూడా తీసుకోలేదు. ఇంత తేడాకు కారణం గాజులో లేదు. రెండూ ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగించి, కరిగిన తగరం మీద తేలించి తీసిన పలకలే. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే కొలిమి నుంచి వచ్చినవి కూడా కావచ్చు. పలక తయారయ్యాక దాన్ని ఏం చేశారన్నదే ఇక్కడ అసలు కథ.

ముందు మామూలు గాజు ఎలా పగులుతుందో చూడాలి. బట్టల కొట్లో రవికె గుడ్డ చింపేటప్పుడు గుమాస్తా ఏం చేస్తాడు? అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు వైపులా పట్టుకుని లాగుతాడు. గాటు లేకుండా ఎంత లాగినా గుడ్డ అంత తేలిగ్గా చిరగదు. గాటు ఉంటే లాగిన బలమంతా ఆ గాటు మొన దగ్గర పోగవుతుంది, గుడ్డ సర్రున చీలుతుంది. గాజూ అంతే. ఎంత నునుపుగా కనిపించినా దాని మీద కంటికి కనబడని గాట్లు లెక్కలేనన్ని ఉంటాయి. గాజును వంచినా, కొట్టినా ఏదో ఒక వైపు ఉపరితలం సాగదీసినట్టవుతుంది. అక్కడున్న గాట్లలో పెద్దది నోరు తెరుస్తుంది. ఇనుములాంటి లోహమైతే కొంచెం సాగి, ఆ మొనను మొద్దుబార్చుకుంటుంది. గాజుకు ఆ సాగే గుణం లేదు. అందుకే లాగుడుకు అది ఇట్టే లొంగిపోతుంది. కానీ అదే గాజును నొక్కితే మాత్రం గాటు నోరు మూసుకుంటుంది. నొక్కుడుకు గాజు ఎంతో ఓర్చుకుంటుంది.

పక్కద్దం తయారీ అంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది. గాటును ఎలాగూ తప్పించలేం కాబట్టి, ఉపరితలాన్ని ఎప్పుడూ నొక్కి పట్టి ఉంచితే గాటు నోరు తెరవదు కదా! చేసే పని చూడ్డానికి సులువే. కావలసిన ఆకారానికి కోసి, అంచులు నున్నగా సాన పట్టి, చిల్లులేమైనా కావాలంటే పెట్టి, పలకను కొలిమిలోకి పంపుతారు. సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాజు మెత్తబడుతుంది. అప్పుడు తలుపుకు తగ్గ వంపు తిప్పి, బయటికి తీసి, వెంటనే రెండు వైపుల నుంచీ వరసల కొద్దీ గొట్టాలతో చల్లటి గాలి జోరుగా కొడతారు. కొన్ని సెకన్ల పని.

ఆ కొన్ని సెకన్లలో లోపల జరిగేది తెలుసుకోవలసిందే. గాలి తగిలిన పైపొరలు ముందు చల్లారి గట్టిపడతాయి. నడిమి పొర అప్పటికింకా వేడిగా, మెత్తగా ఉంటుంది. తర్వాత అదీ చల్లారి ముడుచుకోబోతుంది. కానీ గట్టిపడిన పైపొరలు దాన్ని ముడుచుకోనివ్వవు. నడిమి పొర లోపలికి లాగుతుంటుంది, పైపొరలు ఆ లాగుడుకు నొక్కుకుపోతుంటాయి. ఇద్దరూ ఆ పట్టు విడవకుండానే గాజు పూర్తిగా చల్లారిపోతుంది. బిగించిన నవారు మంచం ఇలాంటిదే. నవారు ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, మంచం పట్టెలు ఎప్పుడూ నొక్కుకుంటూనే ఉంటాయి. చూసేవాళ్లకు మాత్రం మంచం నిమ్మళంగా పడి ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆ పట్టు ఎంతో చెబితే ఆశ్చర్యమేస్తుంది. బాగా టెంపర్ చేసిన అద్దం ఉపరితలం మీద నొక్కుడు చదరపు సెంటీమీటరుకు దాదాపు వెయ్యి కిలోల బరువు పెట్టినంత ఉంటుంది. నడుమ లాగుడు అందులో సగం. నొక్కుడు పొర మందం ఒక్కో వైపు అద్దం మందంలో సుమారు అయిదో వంతు. అంటే 4 మిల్లీమీటర్ల తలుపు అద్దంలో పైన 0.8, కింద 0.8 మిల్లీమీటర్ల కవచం. దాన్ని వంచాలనుకున్నవాడు ముందు ఈ వెయ్యి కిలోల నొక్కుడును గెలవాలి. అప్పుడే ఉపరితలం మీద లాగుడు మొదలవుతుంది. టఫెన్డ్ గ్లాసు మామూలు గాజు కంటే సుమారు నాలుగు రెట్లు గట్టిదనడం ఇందుకే. తలుపు ధడాలున వేసినా, మోచెయ్యి ఆనించినా, క్రికెట్ టెన్నిస్ బంతి తగిలినా దానికేమీ కాదు.

అయితే ఆ కవచం 0.8 మిల్లీమీటర్లే. గులకరాయి మొన వాడిగా ఉండి, వేగం చాలినంత ఉండి, పగులు ఆ 0.8 మిల్లీమీటర్లు దాటి నడిమి పొరను ముట్టుకుందా, ఇక ఆట కట్టు. అక్కడ లాగుడు సిద్ధంగా కాచుకుని ఉంది. పగులుకు బయటి నుంచి ఇంకే బలమూ అక్కర్లేదు. రాయి ఎగిరిపడి కింద చేరకముందే పని పూర్తవుతుంది.

ఈ తత్వం మనుషులకు కార్ల కంటే ఎంతో ముందే తెలుసు, అర్థం కాకపోయినా. కరిగిన గాజు బొట్టును నీళ్లలో జారవిడిస్తే తోకకప్ప పిల్ల ఆకారంలో గడ్డకడుతుంది. తల మీద సుత్తితో కొట్టినా పగలదు. సన్నటి తోక తుంచితే మాత్రం మొత్తం పేలి పిండైపోతుంది. వీటికి ప్రిన్స్ రూపర్ట్ బొట్లని పేరు. 1660ల్లో ఇవి ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ చేతికీ, అక్కడి నుంచి రాయల్ సొసైటీ పండితుల ముందుకూ వచ్చాయి. రాబర్ట్ హుక్ 1665 నాటి తన 'మైక్రోగ్రాఫియా'లో వాటి గురించి రాశాడు. తోక తుంచగానే తలదాకా ఏం జరుగుతుందో కంటితో చూడడానికి మాత్రం మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది. శ్రీనివాసన్ చంద్రశేఖర్, మునవ్వర్ చౌదరి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అతివేగ కెమెరాతో ఆ పేలుడును చిత్రించి 1994లో వివరాలు ప్రకటించారు. పగులు తోక నుంచి తలవైపు సెకనుకు సుమారు 1,450 నుంచి 1,900 మీటర్ల వేగంతో పరిగెడుతోందని వాళ్లు లెక్కగట్టారు. తుపాకి గుండు చాలావాటిలో ఇంత వేగంగా పోదు.

కారు పక్కద్దంలోనూ పగులు సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతోనే పోతుంది. తలుపు అద్దం వెడల్పు 75 సెంటీమీటర్లనుకుంటే, ఒక చివర తగిలిన దెబ్బ రెండో చివరకు చేరడానికి పట్టేది సెకనులో రెండువేలో వంతు. కన్ను ఆర్పడానికి సెకనులో పదో వంతుకు పైగా పడుతుంది. ఒక్క రెప్పపాటులో ఆ అద్దం రెండు వందలసార్లు పగలగలదు.

మరి ముక్కలు అంత చిన్నవెందుకు? మామూలు కిటికీ అద్దంలో పగులుకు దొరికే బలం కొట్టిన దెబ్బది మాత్రమే. ఆ బలం ఉన్నంత దూరం నాలుగైదు చీలికలుగా పోయి ఆగుతుంది. మిగిలేవి కత్తుల్లాంటి పొడవాటి పెంకులు. టఫెన్డ్ గ్లాసులో అలా కాదు. పగులు ఎటు పోయినా అక్కడ బలం ముందే నిల్వ ఉంది. ఒక పగులు ఆ బలాన్నంతా ఖర్చు చేయలేదు, అందుకే రెండుగా చీలుతుంది. ఆ రెండూ నాలుగవుతాయి. నాలుగూ ఎనిమిది. నిల్వ ఉన్న లాగుడంతా విడుదలయ్యేవరకూ చీలుతూనే పోతుంది. అద్దంలో బిగువు ఎంత ఎక్కువుంటే పలుకులు అంత చిన్నవవుతాయి. అందుకే పరీక్షించేవాళ్లు ముక్కలనే లెక్కపెడతారు. వాహనాల అద్దాలకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 43వ నిబంధన ప్రకారం అద్దాన్ని కావాలని పగలగొట్టి, దాని మీద 5 సెంటీమీటర్ల చదరం గీస్తే, ఆ చదరంలో కనీసం 40 ముక్కలుండాలి. తక్కువున్నాయంటే గాలి సరిగా తగలలేదని అర్థం. అలాంటి అద్దం పగిలినప్పుడు పెద్ద పెంకులు మిగిలే ప్రమాదం ఉంటుంది. పలుకుల అంచులు మొద్దుగా ఉంటాయి. గీరుకుంటాయి, చిన్న చిన్న గాయాలవుతాయి, కంట్లో పడితే ప్రమాదమే. కానీ మెడ నరం తెగేంత కోత పడదు.

ఈ అద్దాన్ని తయారయ్యాక కోయడం కుదరకపోవడానికి కారణం కూడా ఇదే. అద్దాల కొట్టుకు వెళ్లి తలుపు అద్దం అర అంగుళం తగ్గించి ఇమ్మంటే ఎవరూ ఒప్పుకోరు. కోత పెట్టిన మరుక్షణం అది పలుకులే. అంచున పడ్డ దెబ్బకు ఎక్కువ భయపడవలసిందీ ఇందుకే. అద్దం నడుమ కంటే అంచుల దగ్గర ఈ బిగువు సులువుగా దెబ్బతింటుంది. తలుపులోపల అద్దాన్ని పట్టే క్లిప్పు వదులై ఇనుము అంచుకు రాసుకుంటుంటే, ఏ రాయీ తగలకుండానే ఒకనాడు ఎండపూట అద్దం పేలిపోయిందని వాపోయేవాళ్లు కనిపిస్తారు. దెబ్బ పాతదే, పగులు మాత్రం ఆ రోజుది.

ఇంత గట్టి అద్దాన్ని ముందువైపు ఎందుకు పెట్టరు? ఒకప్పుడు పెట్టారు. ఐరోపాలోనూ, మన దగ్గర పాత బండ్లలోనూ టఫెన్డ్ ముందద్దాలు చాలాకాలం ఉన్నాయి. రాయి తగిలితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. ఎనభై కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ముందు ఒక్కసారిగా తెల్లటి గోడ లేచినట్టుంటుంది. పలుకులు రాలకుండా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడినా, వాటి మధ్య వేల పగుళ్లు వెలుతురును చెదరగొట్టేస్తాయి. డ్రైవరుకు రోడ్డు కనబడదు. పిడికిలితో గుద్ది బొక్క చేసుకుని బండి పక్కకు తీసిన లారీ డ్రైవర్ల అనుభవాలు ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు. దీనికి విరుగుడుగా డ్రైవరు కళ్ల ముందు భాగంలో గాలి తక్కువ కొట్టి, అక్కడ మాత్రం కాస్త పెద్ద ముక్కలయ్యేలా చేసిన అద్దాలు కూడా వచ్చాయి. అది సగం మందే. మన దేశంలో 1993లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు మూడేళ్ల గడువిచ్చి, ఆ తర్వాత తయారయ్యే వాహనాలకు ముందద్దం లామినేటెడ్ గాజే ఉండాలన్నాయి. రెండు చక్రాల బండ్లకూ, వ్యవసాయ ట్రాక్టర్లకూ మాత్రం మినహాయింపు ఇచ్చాయి.

లామినేటెడ్ గాజు పుట్టుక వెనక ఓ కథ ప్రచారంలో ఉంది. ఫ్రాన్సులో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఆయన చిత్రకారుడూ, రసాయనశాస్త్రజ్ఞుడూ. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె పైనుంచి కిందపడింది. పగిలింది కానీ ముక్కలు చెదరలేదు. కుప్పెలో ఒకప్పుడు పోసిన సెల్యులోజ్ నైట్రేటు ఆరిపోయి, లోపలి గోడకు పలచటి పొరలా అంటుకుని ఉంది. ముక్కలన్నిటినీ ఆ పొరే పట్టుకుంది. 1909లో ఆయన రెండు గాజు పలకల మధ్య అలాంటి పొర పెట్టిన అద్దానికి పేటెంటు తీసుకున్నాడు. మూడు పొరలు కాబట్టి దానికి ట్రిప్లెక్స్ అని పేరు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల ముసుగుల్లో కళ్ల దగ్గర పెట్టడానికి ఈ గాజు పనికొచ్చింది. అయితే ఆ పొర ఎండకు పసుపెక్కేది. 1930ల చివర్లో పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్ రావడంతో ఆ ఇబ్బంది తీరింది. దాన్ని పీవీబీ అంటారు. నేటి మన కార్ల ముందద్దాల్లో ఎక్కువగా ఉన్నది అదే.

ముందద్దం తయారీలో తొందర ఉండదు. సుమారు 2 మిల్లీమీటర్ల పలకలు రెండు, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇనుప చట్రం మీద కొలిమిలో వేడిచేస్తారు. మెత్తబడి తమ బరువుకు తామే కిందికి వంగుతాయి. తర్వాత గాలి కొట్టరు. నెమ్మదిగా చల్లారుస్తారు, లోపల బిగువేమీ మిగలకుండా. వాటి మధ్య 0.76 మిల్లీమీటర్ల పీవీబీ పొర పరుస్తారు. ఆ పొర ముందు తెల్లగా, మసకగా, గరుకుగా ఉంటుంది. ఆ గరుకుతనం కావాలని పెట్టిందే. దాని సందుల్లోంచి గాలి బయటికి పోవాలి. తర్వాత పెద్ద ప్రెషర్ కుక్కరు లాంటి ఆటోక్లేవులో, 140 డిగ్రీల దగ్గర, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి పది పన్నెండు రెట్ల ఒత్తిడిలో ఉంచితే పొర కరిగినట్టై గాజుకు పట్టేస్తుంది. మసక పోయి నీళ్లలా తేటపడుతుంది.

ఇప్పుడు రహదారి మీది ఆ కంకర రాయి దగ్గరికి మళ్లీ వద్దాం. గచ్చకాయంత రాయి బరువు అయిదు గ్రాములనుకుందాం. అది కారుకు తగిలిన వేగం గంటకు వంద కిలోమీటర్లు. లెక్క వేస్తే ఆ దెబ్బలోని శక్తి సుమారు రెండు జౌళ్లు. పావుకిలో కన్నా తక్కువ, అంటే రెండు వందల గ్రాముల వస్తువు ఒక మీటరు ఎత్తు నుంచి పడినంత. పెద్దదేం కాదు. కానీ రాయి మొన తగిలిన చోటు ఆవగింజంత. అక్కడ గాజు లోపలికి శంఖువు ఆకారంలో పగులు దిగుతుంది. బయటి నుంచి చూస్తే కనిపించే గుండ్రటి మచ్చ ఆ శంఖువే. దాని చుట్టూ నక్షత్రంలా చిన్న చిన్న గీతలూ ఉండొచ్చు. ఆ పగులు రెండు మిల్లీమీటర్లు దిగి పీవీబీని తాకుతుంది. అక్కడితో సరి. పీవీబీ రబ్బరులా మెత్తన, దానిలో గాజు పగులు కొనసాగదు. లోపలి పలకకు గీత కూడా పడదు. కారులో కూర్చుని గోటితో ఆ చోట రాసి చూస్తే నున్నగానే తగులుతుంది. బయట రాస్తే గోరు తగులుకుంటుంది. అనుభవమున్న అద్దాల పనివాళ్లు ముందు చేసే పరీక్ష ఇదే. లోపల కూడా గోరు తగులుకుంటే ఇక మరమ్మతు మాట ఎత్తరు.

వారం రోజులు నెమ్మదిగా పాకిన గీత సంగతేమిటి? ముందద్దంలో పక్కద్దంలా లాగుడు నిల్వ లేదు. కాబట్టి పగులు పరిగెత్తదు. కానీ చిన్న చిన్న లాగుళ్లు తగులుతూనే ఉంటాయి. గుంటలో పడ్డప్పుడు కారు శరీరం మెలిపడుతుంది. బయట ఎండ, లోపల ఏసీ చల్లదనం, చట్రం కింద నీడలో ఉన్న అంచు ఒకలా, నడుమ ఇంకోలా వేడెక్కడం. వీటిలో ఏదీ ఒక్కటే అద్దాన్ని పగలగొట్టదు. అయితే పగులు మొనలోకి గాలిలోని తేమ చేరుతుంది. గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య ఉన్న బంధాలు లాగుడులో ఉన్నప్పుడు నీటి అణువు వచ్చి వాటిని తెంపుతుంది. ఒక్కో బంధమే తెగుతుంది. అందుకే పగులు రాత్రికి రాత్రి అంగుళమో, అరంగుళమో పెరిగి, పొద్దున కొత్తగా కనిపిస్తుంది. వానాకాలంలో చుక్క చూసి నిర్లక్ష్యం చేస్తే ఎక్కువ నష్టం అనడంలో నిజం ఉంది. చుక్క అంచుకు దగ్గరగా ఉంటే ఇంకా తొందరగా పాకుతుంది.

మరమ్మతుకు సమయం ఈ నడిమి రోజులే. రాయి తగిలిన గుంటలోంచి చిన్న పంపుతో గాలి లాగేసి, ఆ ఖాళీలోకి గాజులాగే వెలుతురును వంచే జిగురు ఎక్కించి, అతినీలలోహిత దీపం కింద గట్టిపరుస్తారు. మచ్చ పూర్తిగా పోదు, మసగ్గా మిగులుతుంది. కానీ పగులు మొన మూసుకుపోతుంది, తేమ లోపలికి పోదు, గీత అక్కడితో ఆగుతుంది. మచ్చ రూపాయి బిళ్లంత లోపే ఉండాలి, డ్రైవరు చూపుకు ఎదురుగా ఉండకూడదు, దుమ్మూ నీళ్లూ చేరకముందే చెయ్యాలి. తగిలిన రోజే ఒక పారదర్శక టేపు ముక్క అంటించి కొట్టుకు పట్టుకెళ్తే పనితనం బాగుంటుంది. పక్కద్దానికి ఇలాంటి మరమ్మతు అన్న మాటే లేదు. దానికి ఉన్నవి రెండే స్థితులు. బాగుండడం, పలుకులైపోవడం.

పెద్ద దెబ్బ తగిలితే ముందద్దం రెండు పలకలూ పగులుతాయి, సాలెగూడు పట్టినట్టు. పీవీబీ అసలు పని అప్పుడు మొదలవుతుంది. గాజుకు ఆ పొర ఎంత గట్టిగా అంటుకుంటే అంత మంచిది అనిపిస్తుంది మనకు. నిజం వేరు. మరీ గట్టిగా అంటుకుంటే పగులు తెరుచుకున్న చోట ప్లాస్టిక్కు సాగడానికి వెంట్రుకవాసి నిడివి కూడా ఉండదు, అక్కడే పుటుక్కున తెగిపోతుంది. కొంచెం వదులుగా అంటితే పగులుకు రెండు వైపులా పొర కాస్త ఊడి, ఆ ఊడిన నిడివంతా సాగి దెబ్బను మింగుతుంది. మరీ వదులైతే ముక్కలు ఊడి మొహాన పడతాయి. అందుకే తయారీలో పొరలోని తేమనూ, కొన్ని లవణాలనూ గురి చూసి కలిపి ఈ అంటును అటూ ఇటూ కాకుండా నిలుపుతారు. 43వ నిబంధన పరీక్షలో 2,260 గ్రాముల ఉక్కు గుండును 4 మీటర్ల ఎత్తు నుంచి లామినేటెడ్ ముందద్దం మీద వదులుతారు. అద్దం పగలొచ్చు. అయిదు సెకన్లలోపు గుండు మాత్రం దాన్ని చీల్చుకుని పోకూడదు. అమెరికాలో 1960ల మధ్య వరకు ఈ పొర మందం సగమే ఉండేది. గుద్దుకున్నప్పుడు తల దాన్ని చీల్చుకుని బయటికి పోయి, వెనక్కి వచ్చేటప్పుడు మొహం కోసుకుపోయేది. మందం రెట్టింపు చేయడంతో తల ఆ వలలో చిక్కి ఆగడం మొదలైంది. సీటుబెల్టు లేకుండా ముందుసీట్లో కూర్చున్న మనిషిని బయటికి విసరకుండా ఆపేదీ, ఎడమవైపు ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు వెన్ను ఆనించే గోడగా నిలిచేదీ ఇదే అద్దం.

అంత మంచిదైతే చుట్టూ అదే పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. దానికి జవాబు ఈ నేల మీదే, చేదుగా దొరుకుతుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు మంటల్లో చిక్కి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర మరో బస్సు కాలిపోయింది. ఆ బస్సులో కొందరు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకి బతికారు. తలుపు తెరుచుకోనప్పుడు పక్కద్దం పలుకులై రాలిపోవడమే దారి. బస్సు కిటికీల దగ్గర వేలాడే చిన్న ఎర్ర సుత్తి అందుకే ఉంటుంది. దాని మొన వాడిగా ఉండడంలో అర్థం ఇదివరకు చెప్పిన ఆ పలచటి కవచమే. బలం అక్కర్లేదు, లోతు కావాలి. నడుమ కొట్టకూడదు, అక్కడ అద్దం వంగి దెబ్బను మింగేస్తుంది. మూలల దగ్గర కొట్టాలి. మోచేత్తో, బూటుతో ఎంత తన్నినా టఫెన్డ్ గ్లాసు వంగుతుందే కానీ లొంగదు. అందువల్ల సుత్తి ఉండవలసిన చోట ఉందా లేదా అన్నది ప్రయాణం మొదట్లోనే చూసుకోవలసిన సంగతి. చాలా బస్సుల్లో ఆ కొక్కెం ఖాళీగా వేలాడుతుండడం నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక్కడో కొత్త చిక్కు వచ్చింది. బయటి రొద లోపలికి రాకుండా, దొంగలు తేలిగ్గా పగలగొట్టకుండా కొన్ని ఖరీదైన కార్లకు పక్కద్దాలు కూడా లామినేటెడ్ పెడుతున్నారు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో కారులో చిక్కుకుంటే అద్దం పగలగొట్టుకోవడానికి అమ్మే పరికరాలు ఆరింటిని పరీక్షించింది. నాలుగు టఫెన్డ్ అద్దాన్ని పగలగొట్టాయి. లామినేటెడ్‌ను ఒక్కటీ చీల్చలేకపోయింది. అలాంటి కారులో సుత్తి ముందు తలుపు అద్దం మీద వృథా చేయకుండా, టఫెన్డ్ ఉన్న తలుపునో, వెనక అద్దాన్నో ఎంచుకోవాలి.

ఏది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. ప్రతి అద్దం కింది మూలలో చిన్న ముద్ర ఉంటుంది. కంపెనీ పేరు, ఐఎస్‌ఐ గుర్తుతో పాటు లామినేటెడ్, టఫెన్డ్ లేదా టెంపర్డ్ అన్న మాట అక్కడ కనిపిస్తుంది. ముద్ర అరిగిపోతే ఇంకో ఉపాయం ఉంది. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు పెట్టుకుని సాయంత్రం పూట ఆగి ఉన్న కార్ల వెనక అద్దాలు చూడాలి. కొన్నింటి మీద వరసలుగా నల్లటి చుక్కలు, మచ్చలు తేలతాయి. చల్లటి గాలి కొట్టిన గొట్టాల జాడలవి. బిగువు ఎక్కువా తక్కువా ఉన్న చోట వెలుతురు వేరుగా వస్తుంది కాబట్టి కళ్లజోడు దాన్ని పట్టేస్తుంది. ముందద్దంలో ఆ చుక్కలు కనిపించవు, దానికి ఎవరూ గాలి కొట్టలేదు కదా.

ఇక పలుకులైన ఆ వెనక తలుపు. సీటు మీద పడ్డవాటిని ఊడ్చి, కొత్త అద్దం బిగించగానే పని అయిపోయిందనుకునేవాళ్లు ఎక్కువ. రాలిన గాజులో చాలా భాగం తలుపు రేకుల మధ్యకు జారిపోయి ఉంటుంది. లోపలి అట్ట ఊడదీసి వ్యాక్యూమ్‌తో లాగించకపోతే తలుపు వేసినప్పుడల్లా గలగలమంటుంది. అద్దం దించి ఎత్తే తీగలో పలుకు ఇరుక్కుంటుంది. నీళ్లు బయటికి పోయే చిల్లులు మూసుకుని తలుపు అడుగు తుప్పు పట్టడం మొదలవుతుంది. కొత్త అద్దం అంచుకు పాత అద్దం పలుకు రాసుకుంటే, ఆ అంచు మీద మళ్లీ ఒక గాటు పడుతుంది.